జాతీయాల అనువాదం, 4వ పాఠం: చెయ్యిచ్చినవాడు సాయం చేశాడా?

పోయిన పాఠం చివర ఈ వాక్యాన్ని ఇంగ్లీషులోకి మార్చమన్నాను: "లోడింగ్ రోజు వ్యాపారి మాకు చెయ్యిచ్చాడు." మాట్లాడేది కర్నూలు దగ్గర పల్లెలో ఉల్లి వేసిన రైతు. చేలోనే బేరం కుదిరింది. గడ్డలు కోసి సంచులకెత్తారు. వ్యాపారి రాలేదు.

మాటకు మాట పెడితే "ది ట్రేడర్ గేవ్ అస్ ఎ హ్యాండ్" అవుతుంది. వ్యాకరణం సరిగ్గానే ఉంది, ప్రమాదమంతా అక్కడే. ఇంగ్లీషులో దానికి సాయం చేశాడని అర్థం. చదివినవాళ్లు వ్యాపారి వచ్చి సంచులు ఎత్తించాడనుకుంటారు. అర్థం కాకపోతే ఆగి అడుగుతారు గానీ, తప్పు అర్థం సాఫీగా అందితే ఎందుకు అడుగుతారు?

కాబట్టి ఇంగ్లీషు జోలికి పోకముందే జాతీయాన్ని తెలుగులోనే విప్పండి: "కొంటానని మాటిచ్చి, తీరా సమయానికి తప్పుకున్నాడు. నమ్మినందుకు మేం నష్టపోయాం." ఇందులో ఒప్పందం ఉంది, తప్పుకోవడం ఉంది, రైతు బాధ ఉంది. "బ్యాక్డ్ అవుట్" అంటే మొదటి రెండూ వస్తాయి, బాధ పెద్దగా రాదు. "లెట్ అస్ డౌన్" అంటే నమ్మకం వమ్మైన బాధ వస్తుంది, బేరం సంగతి రాదు. ఫిర్యాదు కాగితంలో అయితే నేను మొదటిదే రాస్తాను. రైతు మాటగా చెప్పాలంటే రెండోదే సరైనది: "ఆన్ లోడింగ్ డే, ది ట్రేడర్ లెట్ అస్ డౌన్." "అస్" ఎప్పుడూ "డౌన్"కు ముందే రావాలి.

ఇప్పుడు అనంతపురం చెనిక్కాయ రైతు మాట: "ఈసారి వానలు చెయ్యిచ్చాయి." జాతీయం అదే, కానీ వాన ఎవరితోనూ బేరం కుదుర్చుకోలేదు. అందుకే ఇక్కడ "బ్యాక్డ్ అవుట్" అతకదు. ఇంగ్లీషువాళ్లు మామూలుగా "ది రెయిన్స్ ఫెయిల్డ్" అంటారు. జాతీయానికి బదులు జాతీయమే దొరకాలన్న పట్టుదల వద్దు. దానికోసం వెతికి వెతికి అతకనిది తెచ్చి పెట్టేవాళ్లే ఎక్కువ.

ఇంగ్లీషు నుంచి వచ్చేటప్పుడూ ఇదే గొడవ. "గివ్ మి ఎ హ్యాండ్ విత్ దిస్ శాక్" అంటే "ఈ మూటకు కాస్త చెయ్యి వెయ్యన్నా" అనాలి. తెలుగులో చెయ్యి వేస్తే సాయం, అందించినా సాయమే, ఇస్తే మాత్రం మోసం. క్రియ ఒక్కటి మారితే మనిషే మారిపోతాడు. అదే ఇంగ్లీషు మాట సభలో "గివ్ హర్ ఎ బిగ్ హ్యాండ్" అని వినిపిస్తే చప్పట్లు కొట్టమని.

మీ అనువాదం నిలిచిందో లేదో తేల్చుకోవాలంటే, తెలుగు వాక్యం చూడనివాళ్లకు మీ ఇంగ్లీషు వాక్యం ఒక్కటే ఇచ్చి, ఏం జరిగిందో తెలుగులో చెప్పమనండి. "వ్యాపారి వచ్చాడా?" అని అడగండి. వచ్చాడంటే మళ్లీ రాయాలి.

వచ్చే పాఠానికి ఇవి విప్పి ఉంచండి: "కోపమొచ్చి పిల్లోడి మీద చెయ్యి చేసుకున్నాడు", "చెయ్యి తిరిగిన మేస్త్రీ కట్టిన గోడ", "డాక్టర్లు చేతులెత్తేశారు". మూడోది ఇంగ్లీషులో రాసేముందు, డాక్టర్లు ఎవరికి లొంగిపోయినట్టు ధ్వనిస్తుందో ఒకసారి చదివి చూసుకోండి.