ఒకే కబురు, ముగ్గురికి మూడు రకాలుగా: బాస్‌కు, తోటి ఉద్యోగికి, క్లయింట్‌కు ఎలా రాయాలి?

బెంగళూరు ఆఫీసుల్లో పనిచేసే తెలుగువాళ్లకు ఒక చిత్రమైన ఇబ్బంది ఉంది. మీటింగు ఇంగ్లీషులో జరిగినంతసేపు మేనేజర్‌ను పేరు పెట్టి పిలుస్తాం, అక్కడ ఎవరికీ ఏమీ అనిపించదు. అదే మేనేజర్ అనంతపురం మనిషి అయి, కింద బేకరీ దగ్గర టీ తాగుతూ తెలుగులోకి మారగానే ఆ ఒట్టి పేరు నోటికి రాదు. సార్ అనో, గారు చేర్చో పిలవవలసి వస్తుంది. వాట్సాప్‌లో తెలుగులో కబురు పెట్టేటప్పుడు కూడా ఇదే చిక్కు ఎదురవుతుంది, ఎందుకంటే తెలుగులో ఎదుటివారిని ఉద్దేశించిన ప్రతి క్రియ చివరా వారితో మనకున్న వరస కనిపిస్తుంది. అయితే మర్యాద మాటలు మార్చినంత మాత్రాన పని పూర్తికాదు. ఏది ముందు చెప్పాలి, ఏది వదిలేయాలి అన్నది కూడా మనిషిని బట్టి మారుతుంది. ఒక ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చూద్దాం.

విజయవాడలో మూడు మందుల షాపులున్న ఒక యజమానికి బెంగళూరులోని చిన్న కంపెనీ ఒకటి కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెడుతోందనుకోండి. సోమవారం మొదలుపెడతామని మాట ఇచ్చారు. గురువారం సాయంత్రం ఒక తప్పు బయటపడింది. మందుల స్ట్రిప్పు మీద గడువు నెల, సంవత్సరం మాత్రమే ఉంటాయి. మన ఔషధ నిబంధనల ప్రకారం ఆ నెల చివరి రోజు వరకు ఆ మందు వాడవచ్చని దానికి అర్థం. పాత లెక్కలను కొత్త దానిలోకి ఎక్కించిన ప్రోగ్రామ్ మాత్రం తేదీ లేని చోటల్లా 1వ తేదీ పెట్టేసింది. అంటే మార్చి 31 వరకు అమ్మదగిన మందుకు మార్చి 1నే గడువు తీరినట్టు లెక్క. ఈ కబురును శుక్రవారం ఉదయం ముగ్గురికి చెప్పాలి.

ముందుగా, ఎవరినీ ఉద్దేశించకుండా విషయం రాసుకోవడం

పిలుపులూ మర్యాదలూ లేకుండా నాలుగైదు వాక్యాలు కాగితం మీద పెట్టండి. ఏం జరిగింది: గడువు తేదీలు నెలాఖరుకు బదులు 1వ తేదీతో ఎక్కాయి. ఎప్పుడు తెలిసింది: గురువారం సాయంత్రం. ఏం చేయాలి: సోమవారం ప్రోగ్రామ్ సరిచేయాలి, మంగళ, బుధవారాల్లో మళ్లీ ఎక్కించి సరిచూడాలి. ఎప్పటికి మొదలవుతుంది: గురువారం ఉదయానికి. ఈ కాగితంలో ఉన్న విషయాలు మూడు కబుర్లలోనూ మారకూడదు. ఒకరికి చెప్పినది మరొకరికి చెప్పకుండా ఉండవచ్చు కానీ, ఒకరికి గురువారం అని, ఇంకొకరికి శుక్రవారం అని రాయకూడదు. ఆ ఇద్దరూ ఎప్పుడో ఒకప్పుడు ఫోన్‌లో మాట్లాడుకుంటారు.

తర్వాత ఒక్కొక్కరి ఎదురుగా, ఇది చదివాక ఆ మనిషి ఏం చేయాలో ఒక్క మాటలో రాసుకోండి. బాస్ ఒక మనిషిని సర్దుబాటు చేయాలి. తోటి ఉద్యోగి ప్రోగ్రామ్ సరిచేయాలి. యజమాని బుధవారం రాత్రి వరకు పాత బిల్లింగే నడపాలి. ప్రతి కబురులోనూ ముందు చోటు దక్కేది ఈ పనికి సంబంధించిన మాటకే.

బాస్‌కు

> సార్, విజయవాడ మెడికల్ షాపుల బిల్లింగ్ సోమవారం మొదలుపెట్టలేం, గురువారానికి జరపాలి. మందుల గడువు తేదీలు నెలాఖరుకు బదులు 1వ తేదీతో ఎక్కాయి. అలాగే వదిలేస్తే అమ్మదగిన మందుకు కూడా నెల ముందే బిల్లు పడదు. ఎక్కించిన తర్వాత ఆ తేదీలు నేను సరిచూడలేదు, అది నా పొరపాటు. సోమవారం ప్రోగ్రామ్ సరిచేస్తాం. తర్వాత సరిచూడడానికి టెస్టింగ్ నుంచి ఒకరిని మంగళ, బుధవారాలు ఇవ్వగలరా? యజమాని గారికి ఈ రోజు మధ్యాహ్నం 12 లోపు నేనే చెబుతాను. మీరే మాట్లాడితే బాగుంటుందనుకుంటే ఆ లోపు చెప్పండి.

ఇందులో చెడ్డ వార్త మొదటి వాక్యంలోనే ఉంది. మనలో చాలామంది బాస్‌కు రాసేటప్పుడు గురువారం సాయంత్రం ఏం చేస్తుండగా ఏం కనబడిందో కథలాగా మొదలుపెట్టి, అసలు మాటను ఏడో వాక్యంలో దాచుకుంటారు. చదివే ఆయనకు మాత్రం రెండో వాక్యానికే గుండె గుబగుబలాడడం మొదలవుతుంది.

ఇక్కడ ఒక క్రియ దగ్గర ఆగి చూడాలి. "ఇవ్వగలరా?" అన్నది అడగడం. "ఇవ్వండి" అన్నది మర్యాదగానే ఉన్నా చెప్పడం. "ఇవ్వగలరు" అన్నది నోటీసు బోర్డు భాష; "గమనించగలరు", "సహకరించగలరు" అని గోడల మీద చదివి చదివి అదే అన్నిటికన్నా మర్యాదైన రూపమనుకుని బాస్‌కు కూడా అలాగే రాసేవాళ్లున్నారు. అది నిజానికి మర్యాద చొక్కా తొడుక్కున్న ఆజ్ఞ.

తోటి ఉద్యోగికి

ప్రోగ్రామ్ రాసింది ఈయనే అనుకుందాం. మనకన్నా రెండేళ్లు పెద్ద, కడప మనిషి, రోజూ "అన్నా" అనే పిలుస్తాం.

> అన్నా, ఎక్స్‌పైరీ కాలమ్ ఒకసారి చూడు. పాత ఫైల్లో 03/27 అని ఉన్నవి మన దాంట్లో 01-03-2027 అయ్యాయి, 31-03-2027 రావాలి. నెలాఖరు కదా అని అన్నిటికీ 30 పెట్టేస్తే ఫిబ్రవరి దగ్గర మళ్లీ ఇరుక్కుంటాం, లీపు సంవత్సరం కూడా చూసుకో. సోమవారం సాయంత్రం 5 లోపు అయిపోతే మంగళవారం పొద్దున్నే నేను లోడ్ చేసుకుంటా. అవ్వదనిపిస్తే ఇప్పుడే చెప్పు, సార్‌తో నేను మాట్లాడతా. లోడ్ అయ్యాక నేను కూడా చూసుకోలేదులే.

బాస్‌కు రాసినదాంట్లో లేని రెండు తేదీలు ఇందులో ఉన్నాయి. పని చేయవలసిన మనిషికి తప్పు ఎలా కనబడుతుందో, ఒప్పు ఎలా ఉండాలో పక్కపక్కన పెట్టి చూపాలి. "డేట్లు తప్పొస్తున్నాయి" అని రాస్తే సగం రోజు వెతుకులాటకే పోతుంది. చివర "లేదులే" అన్న ఆ చిన్న "లే" నెపం ఆయన ఒక్కడి మీదే పడకుండా కాస్త మన వైపుకు లాగుతుంది. బాస్‌కు ఇదే సంగతి "నా పొరపాటు" అని ముక్కు సూటిగా రాశాం. అక్కడ "చూసుకోలేదులే" అంటే తేలిగ్గా తీసుకున్నట్టు ఉంటుంది.

"అన్నా" అన్నప్పుడు "చూడు" అనే ఏకవచనం సహజంగా కలిసిపోతుంది, అందులో అగౌరవం లేదు. అసలు ప్రమాదం దీనికి తిరగబడినప్పుడు వస్తుంది. రోజూ "చూడు" అనే మనిషికి ఒక శుక్రవారం ఉదయం హఠాత్తుగా "మీరు రాసిన ప్రోగ్రామ్ ఒకసారి పరిశీలించండి" అని రాస్తే, ఆయన దాన్ని మర్యాదగా చదవడు. కోపం వచ్చిందని, రేపు ఇంకెవరికో చూపించడానికి ఇలా రాస్తున్నావని చదువుకుంటాడు. ముఖాముఖి ఎలా పిలుస్తామో రాతలోనూ అదే ఉంచడం క్షేమం.

క్లయింట్‌కు

> నమస్కారమండీ. సోమవారం మొదలుపెడతామన్న కొత్త బిల్లింగ్‌ను గురువారం ఉదయం మొదలుపెడతాం. బుధవారం రాత్రి వరకు మూడు షాపుల్లోనూ పాత బిల్లింగే నడపండి. మందుల గడువు తేదీలు ఎక్కించడంలో మేము పొరపాటు చేశాం. నెలాఖరు వరకు అమ్మదగిన మందులకు కూడా 1వ తేదీకే గడువు తీరినట్టు కొత్త స్క్రీన్‌లో కనిపిస్తోంది. దాన్ని చూసి ఏ మందునూ పక్కన పెట్టవద్దని, డిస్ట్రిబ్యూటర్‌కు తిప్పి పంపవద్దని దయచేసి మీ షాపుల్లో చెప్పండి. మీ పాత లెక్కల్లో ఏ మార్పూ జరగలేదు. బుధవారం షాపులు మూసిన తర్వాత ఆ రోజు స్టాకు ఫైలు పంపిస్తే, గురువారం ఉదయం 9 కల్లా సిద్ధం చేస్తాం. సోమవారానికి మీరు చేసుకున్న ఏర్పాట్లు మావల్ల వెనక్కి పోయినందుకు మన్నించండి. మధ్యాహ్నం 3 తర్వాత నేనే ఫోన్ చేస్తాను.

ఇది మూడింటిలోనూ పొడవైనది, ఎందుకంటే నష్టం జరిగే అవకాశం ఇక్కడే ఉంది. షాపులో కుర్రాడు కొత్త స్క్రీన్ తెరిచి చూసి, మంచి సరుకును గడువు తీరినదనుకుని తిప్పి పంపేస్తే అది తేదీ మార్చడం కంటే పెద్ద తలనొప్పి. ప్రోగ్రామ్‌లో ఏం మార్చాలన్న సంగతి ఆయనకు అక్కర్లేదు, టెస్టింగ్‌కు మనిషి దొరికాడా లేదా అన్నది అసలే అక్కర్లేదు.

ఈ కబురులో బరువంతా "మేము" అన్న మాట మోస్తోంది. ఎదుటివారిని కలుపుకునే "మనం", కలుపుకోని "మేము" అని తెలుగులో రెండు ఉన్నాయి. తోటి ఉద్యోగితో "మన దాంట్లో" అన్నాం, అక్కడ అదే న్యాయం. క్లయింట్‌తో చనువు చూపించబోయి "మన డేటాలో చిన్న తప్పు జరిగిందండీ" అని రాస్తే, తప్పులో ఆయనకూ వాటా ఇచ్చినట్టవుతుంది; పైగా డేటా ఆయనదే కాబట్టి, నా లెక్కలే తప్పంటున్నారా అని అడిగినా అడుగుతారు. తప్పు చెప్పేటప్పుడు "మేము", గురువారం కలిసి మొదలుపెట్టేటప్పుడు కావాలంటే "మనం".

"సాంకేతిక కారణాల వల్ల" అని రాసి ఊరుకోవడం నాకు నచ్చదు. రైలు ఆలస్యమైనప్పుడు స్టేషన్‌లో వినిపించే మాట అది. విన్నవాళ్లు ఇంకా ఎక్కువ అనుమానిస్తారు. బెంగళూరులో అందరి నోటా ఆడే "స్వల్ప అడ్జస్ట్ మాడి"ని తెలుగు చేసి "కొంచెం అడ్జస్ట్ చేసుకోండి" అనడమూ ఇలాంటిదే. స్నేహితుల మధ్య అది సరదాగా ఉంటుంది, డబ్బు కట్టిన మనిషికి రాస్తే మన బరువు ఆయన నెత్తిన పెట్టినట్టు ఉంటుంది.

పంపే ముందు, పంపేటప్పుడు

మూడు కబుర్లనూ పైకి చదవండి. వాక్యం మొదట "మీరు" ఉండి చివర "పంపు" అని పడితే కంటికి తెలియదు, చెవికి వెంటనే తెలుస్తుంది. ఒకదాన్ని కాపీ చేసి మరొకదానిగా మార్చినప్పుడు ఇది తరచు జరుగుతుంది కాబట్టి, దేనికదే కాగితం మీది విషయం నుంచి కొత్తగా రాయడం మేలు. తర్వాత మూడింటిలోని వారాలు, గంటలు ఒకదానితో ఒకటి సరిపోయాయో లేదో చూడండి.

పంపే వరసకూ కారణం ఉంది. ముందు తోటి ఉద్యోగికి పంపి, సోమవారం 5 గంటలకు అవుతుందో లేదో తెలుసుకోవాలి. ఆయన కాదంటే మిగతా రెండు కబుర్లలోని గురువారం నిలబడదు. ఆ తర్వాత బాస్‌కు. ఆయన ఒప్పుకున్నాకే క్లయింట్‌కు. ఈ మొత్తం పన్నెండు లోపు కావాలంటే మొదటిది తొమ్మిదిన్నరకే వెళ్లాలి.

జవాబులను బట్టి కబురు చేరిందో లేదో తెలుస్తుంది. బాస్ "ఎవరు కావాలి?" అని అడిగితే చేరినట్టే, "ఇంతకీ ఏమైంది?" అంటే మొదటి వాక్యం పని చేయలేదు. తోటి ఉద్యోగి "ఏ ఫైలు?" అని అడిగితే ఇంకో వివరం పెట్టాల్సింది. యజమాని మాత్రం "సరేనండి" అని ఒక్క మాట రాసి ఊరుకుంటే, షాపుల్లో చెప్పారో లేదో మధ్యాహ్నం 3 తర్వాత చేసే ఫోన్‌లో అడిగి తెలుసుకోండి.