న్యూటన్‌కు రెండు పుట్టినరోజులా? తేదీల చిక్కు విప్పుకోవడం ఇలా

మా పాప స్కూల్ ప్రాజెక్టులో న్యూటన్ పుట్టింది 1643 జనవరి 4న అని రాసింది. ఇంట్లో ఉన్న పాత పుస్తకంలో 1642 డిసెంబర్ 25 అని ఉంది. "ఏది కొట్టెయ్యాలి నాన్నా?" అని పెన్ను పట్టుకుని నిలబడింది. ఏదీ కొట్టెయ్యక్కర్లేదు.

సమస్య 1: ఒకే మనిషికి రెండు తేదీలు

ముందు రెండు తేదీల మధ్య ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టండి. 10, 11, 12 లేదా 13 వస్తే దాదాపుగా అది క్యాలెండర్ తేడాయే. మూడు రోజులో, నెలన్నరో వస్తే కారణం వేరే వెతకాలి. బాప్తిస్మం జరిగిన రోజును పుట్టినరోజుగా రాసేసి ఉండొచ్చు.

కారణం: యూరప్ అంతా వాడిన జూలియన్ క్యాలెండర్‌లో ఏడాది అసలు దానికంటే సుమారు 11 నిమిషాలు ఎక్కువ. శతాబ్దాలు గడిచేసరికి ఈ నిమిషాలు పోగుపడి రోజులయ్యాయి. దాన్ని సరిచేయడానికి 1582లో పోప్ 13వ గ్రెగరీ అక్టోబర్ 4 మర్నాడు అక్టోబర్ 15 అన్నాడు. ఇటలీ, స్పెయిన్ లాంటి కాథలిక్ దేశాలు ఒప్పుకున్నాయి. పోప్ మాట వినని ఇంగ్లండ్ 1752 దాకా పాత లెక్కలోనే నడిచింది. రష్యా 1918 దాకా మారలేదు.

అందుకే ఇంగ్లండ్‌లోని వూల్స్‌తోర్ప్‌లో న్యూటన్ పుట్టిన రోజు అక్కడ క్రిస్మస్ అయితే, పారిస్‌లో అదే రోజు జనవరి 4. రెండు చోట్లా ఆదివారమే. మన తిథి పుట్టినరోజు, తేదీ పుట్టినరోజు లాంటిది కాదిది. అవి ఏటా వేర్వేరు రోజుల్లో వస్తాయి. ఇక్కడ రోజు ఒకటే, దానికి పేర్లు రెండు.

వారం మంచి సాక్షి. ఇంగ్లండ్‌లో 1752 సెప్టెంబర్ 2 బుధవారం, మర్నాడు సెప్టెంబర్ 14 గురువారం. తేదీలు గెంతాయి గానీ వారాలు గెంతలేదు. పాత ఉత్తరంలో తేదీతోపాటు వారం కూడా ఉంటే, ఏ క్యాలెండర్‌లో ఆ తేదీకి ఆ వారం పడుతుందో చూస్తే చాలు, అది ఏ పద్ధతో తేలిపోతుంది.

సమస్య 2: మార్చి చూస్తే ఒక రోజు ఎక్కువ వస్తోంది

అక్టోబర్ విప్లవాన్ని నవంబర్ 7న జరుపుకోవడం మన దగ్గర చాలామందికి తెలుసు. అది పాత లెక్కలో అక్టోబర్ 25, తేడా 13. ఆ 13 బుర్రలో పెట్టుకుని, పాత లెక్కలో 1870 ఏప్రిల్ 10న పుట్టిన లెనిన్‌కి కలిపితే ఏప్రిల్ 23 వస్తుంది. అసలు జయంతి ఏప్రిల్ 22.

కారణం: 1700, 1800, 1900 పాత లెక్కలో లీపు సంవత్సరాలు, కొత్త లెక్కలో కావు. అందుకే వాటిలో ప్రతి ఫిబ్రవరి చివరా తేడా ఒక రోజు పెరిగింది. 1700 వరకు 10, అక్కడి నుంచి 1800 వరకు 11, 1900 వరకు 12, ఆ తర్వాత 13. ఇవాళ్టి తేడా కాదు, పుట్టిన నాటి తేడా కలపాలి. రష్యన్ కవి పుష్కిన్ పాత లెక్కలో 1799 మే 26న పుట్టాడు కాబట్టి 11 కలిపితే జూన్ 6.

సమస్య 3: ఏడాదే మారిపోయింది

వెస్ట్‌మిన్‌స్టర్ అబీలో న్యూటన్ సమాధి మీద చనిపోయిన ఏడాది 1726 అని చెక్కి ఉంది. పుస్తకాల్లో 1727. పదకొండు రోజుల తేడాతో ఇది కుదరదు.

ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. న్యూటన్ పోయింది మార్చి 20న, అంటే వాళ్ల లెక్కలో ఇంకా 1726 నడుస్తోంది. ఇలాంటి తేదీలను 1726/27 అని రాస్తారు. గీత కనబడితే ముందు ఏడాదిని 1727 చెయ్యండి, తర్వాత 11 రోజులు కలపండి: 1727 మార్చి 31.

గెలీలియో పోయిన ఏడాదే న్యూటన్ పుట్టాడనే ముచ్చట కూడా ఈ తికమక వల్లే పుట్టింది. గెలీలియోది ఇటలీ లెక్క, 1642 జనవరి 8. దాన్ని ఇంగ్లండ్ లెక్కలోకి మారిస్తే 1641 డిసెంబర్ 29. న్యూటన్‌ని ఇటలీ లెక్కలోకి మారిస్తే 1643. ఎటు తిప్పినా ఇద్దరికీ ఒకే ఏడాది రాదు.

ఎక్కడ మార్చకూడదు

అప్పటికే కొత్త లెక్కలోకి వెళ్లిన ఊళ్ల తేదీలకు మళ్లీ రోజులు కలపకండి. దేశం పేరొక్కటే చూసినా సరిపోదు. జర్మనీలో కాథలిక్ ప్రాంతాలు ముందే మారాయి, ప్రొటెస్టెంట్ ప్రాంతాలు 1700 దాకా ఆగాయి. ప్రొటెస్టెంట్ల ఐసెనాఖ్‌లో పుట్టిన సంగీతకారుడు బాఖ్‌ పుట్టిన తేదీ 1685 మార్చి 21 పాత లెక్క, కొత్తలో మార్చి 31. 1582 అక్టోబర్‌కి ముందు తేదీలను మాత్రం చరిత్రకారులు మామూలుగా అలాగే వదిలేస్తారు.

వెబ్ పేజీలో తేదీ పక్కన `O.S.` ఉంటే పాతది, `N.S.` ఉంటే కొత్తది. మా పాప చివరికి ఇలా రాసింది: 1642 డిసెంబర్ 25, పాత పద్ధతి; ఇప్పటి లెక్కలో 1643 జనవరి 4.