పోర్టల్ ఫ్రేమ్ థ్రస్ట్‌లో తేడా ఎక్కడొచ్చిందంటే (నా అనుభవం)

గుంటూరులో ఒక మిర్చి గోడౌన్ ఫ్రేమ్ లెక్క చూడమని ఇచ్చారు. స్పాన్ 6 మీటర్లు, ఎత్తు 4 మీటర్లు, బీమ్ మీద మీటరుకు 20 కిలోన్యూటన్ల లోడ్, రెండు పాదాలూ పిన్, అంటే తిరగగలవు గానీ జారవు. పాదాల దగ్గర అడ్డంగా వచ్చే బలం, అంటే థ్రస్ట్, వాళ్ల కాగితంలో 10.38 కిలోన్యూటన్లు, సాఫ్ట్‌వేర్‌లో 7.94. ఏది నమ్మాలి?

రియాక్షన్లు నాలుగు, సమీకరణాలు మూడు. అందుకే ఒక పాదాన్ని రోలర్ మీద పెట్టాను. అప్పుడు లోడ్ వల్ల స్తంభాల్లో మూమెంట్ ఉండదు, బీమ్‌లో మామూలు పారాబొలానే. పాదం బయటికి జారుతుంది. దాన్ని వెనక్కి లాగే బలమే థ్రస్ట్.

```
H = ∫(M·m/EI)ds ÷ ∫(m²/EI)ds
```

ఇక్కడ M రోలర్ మీద ఉన్నప్పుడు లోడ్ ఇచ్చే మూమెంట్, m యూనిట్ థ్రస్ట్ ఇచ్చే మూమెంట్: స్తంభంలో పాదం దగ్గర సున్నా, పైకి వెళ్లేసరికి 4, బీమ్ పొడవునా 4. EI, అంటే వంగకుండా నిలిచే గట్టితనం, అంతటా ఒకటే అనుకుంటే లవం పారాబొలా వైశాల్యం 360 × 4, హారంలో మొదటిది రెండు స్తంభాల వాటా, రెండోది బీమ్ వాటా:

```
1440 ÷ (42.67 + 96) = 10.38
```

కాగితం చేసింది ఇదే. కానీ డ్రాయింగ్‌లో బీమ్ I స్తంభానికి రెట్టింపు ఉంది. లవంలో, హారంలో బీమ్ వాటా సగం చేస్తే:

```
720 ÷ (42.67 + 48) = 7.94
```

థ్రస్ట్ ఎక్కువ పట్టుకుంటే సేఫ్ అనుకుంటారు గానీ, పునాదికి, స్తంభాలకు, మూలలకు అది నిజం, బీమ్ మధ్యకు కాదు. ఫ్రీ మూమెంట్ 90లోంచి మూల మూమెంట్, అంటే థ్రస్ట్ × 4, తీసేస్తే బీమ్ మధ్యలో కాగితం ప్రకారం 48.5, అసలు 58.2 కిలోన్యూటన్ మీటర్లు. కింది స్టీల్ ఆ మేరకు పెంచమని రాసి పంపాను.