కారు కొలతలు, 4వ పాఠం: యూటర్న్‌లో టైరు తిరిగింది, బంపర్ ఎందుకు తగిలింది?

కారును పక్క నుంచి చూస్తే ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమికి ఉన్న దూరం వీల్‌బేస్. ఎదురుగా నిలబడి చూస్తే ఎడమ, కుడి టైర్ల నడుమ ఉన్న దూరం ట్రాక్. దాన్ని టైరు మధ్య గీత నుంచి కొలవాలి. చక్రం నడిమిని దాటి బంపర్ చివరిదాకా ముందుకో వెనక్కో ఉండేది ఓవర్‌హ్యాంగ్.

ఇప్పుడు ఒక కాగితం తీసుకోండి. వీల్‌బేస్ 2.5 మీటర్లు, ట్రాక్ 1.5 మీటర్లు, ముందు ఓవర్‌హ్యాంగ్ 0.8 మీటర్లు ఉన్న కారు గీయండి. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే మలుపుకు బయటి వైపున్న ముందు చక్రం 30 డిగ్రీలు తిరుగుతుందనుకుందాం. నెమ్మదిగా వెళ్లేటప్పుడు టైర్లు పక్కకు జారవు కాబట్టి, కారు తిరిగే కేంద్రం వెనక ఇరుసు గీతను పొడిగించిన చోట ఎక్కడో ఉంటుంది. ఆ కేంద్రం నుంచి బయటి ముందు చక్రానికి దూరం R, వీల్‌బేస్ L, చక్రం తిరిగిన కోణం δ అనుకుంటే:

R = L / sin δ = 2.5 / 0.5 = 5 మీటర్లు

అంటే టైరు గీసే వృత్తం అడ్డంగా 10 మీటర్లు. అదే కోణంతో వీల్‌బేస్ 3 మీటర్లయితే 12 మీటర్లు కావాలి. పొడవాటి వీల్‌బేస్ హైవే మీద నిలకడగా ఉంటుంది, గతుకుల్లో ముందూ వెనకా తక్కువగా ఊగుతుంది. ఇరుకు సందులో మాత్రం దానికి మూల్యం చెల్లించాలి. అయితే అన్నీ వీల్‌బేస్ మీదే ఆధారపడవు. చక్రం ఎక్కువ కోణం తిరగడానికి లోపల చోటుంటే పెద్ద కారు కూడా చులాగ్గా తిరుగుతుంది.

మరి బంపర్ సంగతి? పైథాగరస్ లెక్కన, బయటి వెనక చక్రం కేంద్రానికి 4.33 మీటర్ల దూరంలో ఉంటుంది. దానికి ముందు 2.5 + 0.8, అంటే 3.3 మీటర్ల దూరంలో బంపర్ మూల ఉంది. లెక్క కడితే ఆ మూల కేంద్రానికి సుమారు 5.44 మీటర్ల దూరంలో తిరుగుతుంది. బంపర్ మూలలు గుండ్రంగా ఉంటే కొంచెం తగ్గుతుంది. రోడ్డు అంచు రాయిని టైరు తాకకుండా తిరిగినా, గోడ ఉంటే బంపర్ 44 సెంటీమీటర్లు ముందే గీసుకుంటుంది. అందుకే కంపెనీ చెప్పిన అంకె చక్రానిదా, బంపర్‌దా, వ్యాసమా, వ్యాసార్ధమా అని చూసుకోకుండా రెండు కార్లను పోల్చకండి.

లోపలి వైపు కథ ఇంకోలా ఉంటుంది. ఆ 4.33 నుంచి ట్రాక్ తీసేస్తే లోపలి వెనక చక్రం 2.83 మీటర్ల వ్యాసార్ధంతో, లోపలి ముందు చక్రం దాదాపు 3.78 మీటర్ల వ్యాసార్ధంతో తిరుగుతాయి. తేడా 95 సెంటీమీటర్లు! ముందు టైరు స్తంభాన్ని తప్పించుకుంది కదా అని ధైర్యపడితే వెనక తలుపు గీసుకునేది ఇందుకే.

ట్రాక్ అసలు పని వేగంగా మలుపు తిరిగేటప్పుడు కనిపిస్తుంది. అది వెడల్పుగా ఉంటే లోపలి టైర్ల నుంచి బయటి టైర్లకు బరువు తక్కువగా మారుతుంది. ఆ లెక్క వచ్చే పాఠంలో. ఈలోపు 3 మీటర్ల వీల్‌బేస్‌కు, మిగతావి అలాగే ఉంచి, బంపర్ మూల వ్యాసార్ధం కట్టి చూడండి. 6.44 వస్తే మీ బొమ్మ సరైనదే.