తిండి లెక్క - 3వ పాఠం: ముంత మసాలా పొట్లం

గత పాఠంలో తినేదాన్ని వంటింటి తూకం మీద పెట్టి బరువు రాసుకోవడం నేర్చుకున్నాం. ఈసారి విశాఖ ఆర్కే బీచ్‌లో దొరికే ముంత మసాలా పొట్లం ఒకటి చాలు. పళ్లెంలో పోసి మరమరాలను ఒక పక్కకు, వేరుశెనగ గుళ్లను ఇంకో పక్కకు ఏరండి. ఉల్లి, టమాటా ముక్కలు వదిలేయండి, వాటి లెక్క చాలా చిన్నది.

మొదట రెండు పరీక్షలు. మరమరం మీద టింక్చర్ అయోడిన్ చుక్క వేస్తే నీలి నలుపు రంగు వస్తుంది. అది పిండిపదార్థానికి గుర్తు. నిమ్మరసం తగిలితే అందులోని విటమిన్ సి ఆ రంగును మాయం చేస్తుంది కాబట్టి, నాలుగు మరమరాలు కలపకముందే అడిగి తీసుకోండి. పరీక్షించినవి తినకండి. ఇక వేరుశెనగ గుండును తెల్ల కాగితం మీద నలపండి. గంట తర్వాత వెలుతురుకు ఎత్తి చూసినా మరక ఆరకపోతే అది కొవ్వు. ప్రోటీన్‌ను పట్టిచ్చే ఇంత తేలికైన పరీక్ష ఇంట్లో లేదు.

నా పొట్లంలో మరమరాలు 20 గ్రాములు, గుళ్లు 15 గ్రాములు ఉన్నాయి. మరమరాలలో పిండిపదార్థం సుమారు 16 గ్రాములు, ప్రోటీన్ ఒకటిన్నర. గుళ్లలో కొవ్వు 7, ప్రోటీన్ 4, పిండిపదార్థం 2. పిండిపదార్థం, ప్రోటీన్ గ్రాముకు 4 క్యాలరీలు, కొవ్వు 9 ఇస్తాయి. గుణిస్తే మరమరాలకు 70, గుళ్లకు 87. పొట్లం నిండా కనిపించినవి మరమరాలే, శక్తి ఎక్కువ ఇచ్చినవి మాత్రం గుళ్లు! వేరుశెనగను అందరూ ప్రోటీన్ తిండి అంటారు. ఆ 87లో ప్రోటీన్ వాటా 16 మాత్రమే, కొవ్వుది 63. నా దగ్గర నేర్చుకునేవారు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే.

తిన్నాక మరమరాలు త్వరగా గ్లూకోజుగా మారి రక్తంలో కలుస్తాయి. మిగిలిన గ్లూకోజు కాలేయంలో, కండరాలలో గ్లైకోజెన్‌గా నిలవ ఉంటుంది. ఆ నిలవకు హద్దుంది, కాలేయంలో పట్టేది సుమారు 100 గ్రాములే. కొవ్వు పొట్టలో నుంచి నెమ్మదిగా కదులుతుంది, అందుకే గుళ్లు తిన్నవారికి ఆకలి ఆలస్యంగా వేస్తుంది. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టాలన్నా కొవ్వు కావాలి. మిగిలింది చర్మం కింద, పొట్ట చుట్టూ చేరుతుంది, దానికి దాదాపు హద్దు లేదు.

ప్రోటీన్ తీరు వేరు. అది అమైనో ఆమ్లాలుగా విడిపోయి కండరాలు, ఎంజైములు, కొత్త కణాలు కట్టడానికి వెళుతుంది. దానికి ప్రత్యేకమైన నిలవగది లేదు. అవసరానికి మించితే కాలేయం అందులోని నత్రజనిని యూరియాగా మార్చి మూత్రంలో పంపేస్తుంది. మరోవైపు తిండి చాలనప్పుడు శరీరం గ్లూకోజు కోసం కండరాల ప్రోటీన్‌నే కరిగిస్తుంది.

అభ్యాసం: గుళ్లు తీసేసి 15 గ్రాముల ఉడికించిన శనగలు వేయండి. వాటిలో పిండిపదార్థం 4 గ్రాములు, ప్రోటీన్ 1.3, కొవ్వు 0.4 అనుకొని పొట్లం మొత్తం క్యాలరీలు కట్టండి. రెండు లెక్కలనూ పక్కపక్కన రాసుకోండి, 4వ పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.