బారసాల చదివింపులు బిడ్డకు 18 ఏళ్లు నిండేసరికి ఎంతవుతాయి?

హైదరాబాద్‌లో బారసాల చేస్తే చదివింపుల కవర్లలో 50,000 రూపాయల వరకు రావచ్చు. ఆ డబ్బు ఊయల ఖర్చుల్లో కలిసిపోకముందే ఈ లెక్క చూడండి. 72ను వడ్డీ శాతంతో భాగిస్తే, సొమ్ము ఎన్నేళ్లకు రెట్టింపవుతుందో సుమారుగా తెలుస్తుంది. ఏడాదికోసారి చక్రవడ్డీ కడితే 4 శాతానికి 18 ఏళ్లు పడుతుంది, అంటే ఒకసారే రెట్టింపు: దాదాపు 1,01,000. 8 శాతానికి తొమ్మిదేళ్లకోసారి, అంటే రెండుసార్లు: దాదాపు 2,00,000. 12 శాతమైతే మూడుసార్లు: 3,84,000 పైచిలుకు. కానీ అంత రాబడి 18 ఏళ్లూ ఇస్తామని రాసిచ్చే డిపాజిట్ ఉండదు. ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి.

డిపాజిట్ ఫారం నింపేటప్పుడు వడ్డీ అసలులో కలిసే పద్ధతినే, అంటే క్యుములేటివ్‌నే ఎంచుకోండి. ఏటా వడ్డీ చేతికి తీసుకుని ఖర్చుపెడితే అదే 8 శాతానికి అసలు, వడ్డీ మొత్తం కలిపినా 1,22,000 మాత్రమే. 78,000 దాకా పోయినట్టే.

ధరలనూ మరవకండి. అవి ఏటా 6 శాతం పెరిగితే, అప్పటి రెండు లక్షలకు ఈనాటి 70,000కు వచ్చేంతే వస్తుంది. కాలేజీ ఫీజుకు ఇదొక్కటే చాలదు. ప్రతి పుట్టినరోజు కానుకనూ ఇందులోనే జమచేయండి.