పాఠం 6: కాయిల్‌లో కరెంటు పెరిగే తీరు, అందులో దాగే శక్తి

తనలోని కరెంటు మారుతుంటే కాయిల్ ఎదురు వోల్టేజీ పుట్టిస్తుందని, దాని విలువ L·di/dt అని పోయిన పాఠంలో చూశాం. ఈసారి ఒక కాయిల్‌నీ రెసిస్టర్‌నీ శ్రేణిలో కలిపి 12 వోల్టుల బ్యాటరీకి తగిలిద్దాం. కాయిల్ 0.3 హెన్రీలు, రెసిస్టర్ 4 ఓమ్‌లు. కాయిల్ చుట్టిన తీగకు కూడా 2 ఓమ్‌ల నిరోధం ఉంది. చాలామంది దీన్ని మరిచిపోతారు. దాన్నీ కలుపుకుంటే R = 6 ఓమ్‌లు, కరెంటు చివరికి చేరేది 12/6 = 2 ఆంపియర్లు.

స్విచ్ వేసిన క్షణంలో కరెంటు సున్నా. నిరోధం మీద ఏమీ పడదు కాబట్టి 12 వోల్టులూ ఇండక్టెన్స్ మీదే ఉంటాయి. కరెంటు పెరిగే వేగం 12/0.3, అంటే సెకనుకు 40 ఆంపియర్లు. ఇదే వేగం చివరిదాకా నిలిస్తే 2 ఆంపియర్లు చేరడానికి 2/40 = 0.05 సెకను పట్టేది. ఈ 50 మిల్లీసెకన్లే కాల స్థిరాంకం, τ = L/R.

నిజానికి ఆ వేగం నిలవదు. కరెంటు పెరిగేకొద్దీ నిరోధం తన వాటా లాక్కుంటుంది, ఇండక్టెన్స్‌కు మిగిలేది తగ్గుతుంది:

```
i = (V/R)(1 − e^(−t/τ))
```

అందుకే 50 మిల్లీసెకన్లకు కరెంటు 63 శాతమే, అంటే 1.26 ఆంపియర్లు. 250 మిల్లీసెకన్లకు 99 శాతం దాటుతుంది.

కెపాసిటర్ అలవాటుతో R పెంచితే ఆలస్యం పెరుగుతుందనుకుంటాం. ఇక్కడ తిరగబడుతుంది. మొదటి వేగం V/L లో R లేనే లేదు. R పెరిగితే చేరవలసిన కరెంటు తగ్గుతుంది, అందుకే త్వరగా చేరిపోతుంది.

ఇక శక్తి. V = iR + L·di/dt ను i తో గుణిస్తే iR·i వేడిగా పోయేది, L·i·di/dt అయస్కాంత క్షేత్రంలోకి చేరేది. రెండోదాన్ని సమాకలనం చేస్తే ½Li². చివరికి నిల్వ ½ × 0.3 × 4 = 0.6 జౌళ్లు. మరి 50 మిల్లీసెకన్లకు? 63 శాతం అనేయకండి. శక్తి i² మీద ఆధారపడుతుంది కాబట్టి 0.24 జౌళ్లే, 40 శాతం.

శక్తి చేరే వేగం కూడా మొదట్లో సున్నానే, ఎందుకంటే అప్పుడు వోల్టేజీ ఉన్నా కరెంటు లేదు. చివర్లో కరెంటు ఉన్నా ఇండక్టెన్స్ మీద వోల్టేజీ ఉండదు. కరెంటు సగం, అంటే 1 ఆంపియర్ అయినప్పుడు 6 వోల్టులు మిగిలి, 6 వాట్లతో ఆ వేగం శిఖరాన ఉంటుంది. అది సుమారు 35 మిల్లీసెకన్ల దగ్గర.

కరెంటు నిలకడయ్యాక కాయిల్ చివరల మధ్య వోల్ట్‌మీటర్ పెడితే సున్నా చూపదు, 4 వోల్టులు చూపుతుంది. తప్పు మీటర్‌ది కాదు, తీగలోని 2 ఓమ్‌లది. చూపే వోల్టులను కరెంటుతో భాగిస్తే ఆ నిరోధమే వస్తుంది. కాయిల్‌లో ఇనుప కోర్ ఉండి అది సంతృప్తమైతే L పడిపోతుంది. అప్పుడు ఆసిలోస్కోప్ మీద వంపు చదునవ్వాల్సిన చోట పైకి లేస్తుంది. అలా కనబడితే ఈ సూత్రాన్ని పక్కన పెట్టండి.

అభ్యాసం: 4 ఓమ్‌ల బదులు 10 ఓమ్‌లు పెట్టి లెక్కకట్టండి. τ 25 మిల్లీసెకన్లు, నిల్వ 0.15 జౌళ్లు రావాలి. నిల్వ 0.3 వచ్చిందంటే ½ తో గుణించడం మరిచిపోయారు.